పని మధ్యలో ఆపేస్తే రద్దు చార్జీ ఎంత వేయాలి, మర్యాదగా ఎలా అడగాలి

పలాసలో ఒక జీడిపప్పు షావుకారు మీకు పని ఇచ్చారనుకోండి. ఇన్నాళ్లూ టిన్నుల్లో హోల్‌సేల్‌గా పంపిన పప్పుని ఇకమీదట సొంత పేరుతో పౌచ్‌లలో అమ్మాలని ఆయన ఆలోచన. ఒక లోగో, నాలుగు సైజుల పౌచ్ డిజైన్లు, ఫొటోలు, చిన్న వెబ్‌సైటు అన్నీ కలిపి 60,000 రూపాయలకు మాట్లాడుకున్నారు. ఆరు వారాల పని. దసరాకి సరుకు బజారులో ఉండాలి. మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం ఫోను వస్తుంది. "బాబూ, పౌచ్‌లు వేసే కంపెనీవోడు సిలిండర్లకే బోలెడు చెప్తన్నాడు. ఈ ఏడాదికి వద్దులే. ఆపీండి."

ఆయన మోసం చేయడం లేదు. పౌచ్ ప్రింటింగులో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండరు చెక్కాలి, సైజు మారితే మళ్లీ కొత్త సెట్టు కావాలి, పైగా ఇంత సరుకు తీసుకుంటేనే వేస్తామని కంపెనీ షరతు పెడుతుంది. ఆ కొటేషన్ చేతికొచ్చేదాకా చాలామంది వ్యాపారులకి ఈ సంగతి తెలియదు. ప్యాకేజింగ్ పనులు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. కానీ ఆయన నిర్ణయం న్యాయమైనదైనంత మాత్రాన మీ నష్టం లేకుండా పోదు. మీరు మిగతా మూడు వారాలు ఆయనకని ఖాళీగా ఉంచుకున్నారు. దసరా ముందు విజయనగరంలో సిరిమాను జాతర ఫ్లెక్సీలు, బట్టల షాపుల ఆఫర్ కరపత్రాల పని ఎంత ఉంటుందో డిజైనర్లకి తెలుసు. ఆ పనులు వచ్చినప్పుడు "ఇప్పుడు చేయలేనండీ" అని పంపించేసి ఉంటారు.

ఇలా మధ్యలో పని ఆపినందుకు తీసుకునే మొత్తాన్ని ఫ్రీలాన్సర్లు కిల్ ఫీజు అంటారు. పత్రికలవాళ్లు రాయించుకున్న వ్యాసం వేసుకోనప్పుడు రచయితకి ఇచ్చే సొమ్ముకి ఆ పేరు ఉండేది, అక్కడినుంచి మిగతా పనుల్లోకి వచ్చింది. బిల్లు మీద మాత్రం "రద్దు చార్జీ" అనే రాయండి. కిల్ ఫీజు అని రాస్తే షావుకారు ముందు అదేంటని అడుగుతారు, తర్వాత ఇవ్వనంటారు.

మూడు లెక్కలు విడదీయండి

గొడవలన్నీ మూడు వేర్వేరు మొత్తాలని ఒకే ముద్దగా అడగడంలో మొదలవుతాయి. మొదటిది మీరు చేసిన పని విలువ. రెండోది జేబులోంచి మీరు పెట్టిన ఖర్చు: శాంపిల్ ప్రింటు, డొమైన్ లాంటివి. మూడోది ఆయనకని ఖాళీ పెట్టుకుని ఇప్పుడు వృథాగా పోయే రోజుల నష్టం. అసలు రద్దు చార్జీ అంటే ఈ మూడోది ఒక్కటే. మొదటి రెండూ ఎలాగూ ఆయన ఇవ్వాల్సినవే, పని ఆగినా ఆగకపోయినా.

"మొత్తం మీద సగం ఇవ్వండి" అంటే వినేవాళ్లకి అది జరిమానాలా తోస్తుంది. అదే మొత్తాన్ని మూడు వరసల్లో చూపిస్తే మొదటి రెండింటి మీద పెద్దగా వాదన ఉండదు. వాదన ఉంటే మూడోదాని మీదే ఉంటుంది, అదేమో చిన్న మొత్తం.

పని మొదలుపెట్టే ముందే కొటేషన్లో రాయాల్సినవి

రద్దు చార్జీ ఎంత వసూలవుతుందన్నది క్యాన్సిల్ చేసిన రోజు కాక కొటేషన్ పంపిన రోజే దాదాపు తేలిపోతుంది. అందుకే ముందు అక్కడ నాలుగు మాటలు రాసుకోవాలి.

అన్నిటికంటే ముందు, 60,000 అని ఒక్క అంకె వేసి ఊరుకోవద్దు. ముక్కలుగా విడగొట్టండి. లోగో 12,000. పౌచ్ డిజైన్లు 20,000, ఇందులో మొదటి అసలు డిజైన్ 11,000, దాన్ని మిగతా మూడు సైజులకి సర్దడానికి ఒక్కోదానికి 3,000. ఫొటోలు 10,000. వెబ్‌సైటు 18,000. రేపు సగంలో ఆగితే ఎంత పని అయిందో చెప్పడానికి ఈ ముక్కలే ఆధారం. ఇవి లేకపోతే మీరు అరవై శాతం అయిందంటారు, ఆయన ముప్పై అంటారు, తేల్చేవాళ్లుండరు.

ఇక వాయిదాలు. మన దగ్గర చాలామంది ముందు కొంత అడ్వాన్స్ తీసుకుని, మిగతాది పని అయ్యాక తీసుకుంటారు. మధ్యలో ఆగిపోయే పనికి ఇది బొత్తిగా పనికిరాని పద్ధతి. 60,000 పనికి 18,000 అడ్వాన్స్, లోగో ఓకే చేసిన రోజు మరో 18,000, మిగతా 24,000 ఆఖరి ఫైళ్లు ఇచ్చే ముందు అని పెట్టండి. ఎప్పుడు ఆగినా మీరు చేసిన పనికీ మీ చేతిలో ఉన్న డబ్బుకీ మధ్య తేడా తక్కువగా ఉండాలి. ఆ తేడా చిన్నదైతే ఎదుటివాళ్ల దగ్గర అడగాల్సిన మొత్తమూ చిన్నదే, అడగడానికి టెన్షనూ తక్కువే.

మూడోది రద్దు షరతు. దీన్ని లాయరు భాషలో రాయక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"పని మొదలయ్యాక మీ వైపునుంచి ఆపాల్సి వస్తే, అప్పటిదాకా అయిన పని విలువ, మీ అనుమతితో పెట్టిన ఖర్చులు, రద్దు చార్జీగా మిగిలిన పని విలువలో 20 శాతం, ఈ మూడూ ఇవ్వాలి. ఇచ్చిన అడ్వాన్స్ ఇందులో మినహాయిస్తాం. నా వల్ల పని ఆగితే రద్దు చార్జీ ఉండదు, చేయని పనికి తీసుకున్న అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాను."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. షరతు రెండు వైపులా ఉందని కనబడితే చదివినవాళ్లు అభ్యంతరం చెప్పరు. పైగా అది న్యాయం కూడా.

నాలుగోది, చెప్పాపెట్టకుండా ఊరుకునే క్లయింట్ల కోసం. "వద్దు" అనేవాళ్లకంటే ఏమీ అనకుండా ఫోను ఎత్తనివాళ్లే ఎక్కువ. "15 రోజులపాటు మీ జవాబు రాకపోతే పని ఆపినట్టుగా లెక్కేస్తాం" అని ఒక వాక్యం కలపండి. అది లేకపోతే పని రద్దయిందో లేదో తెలియక నెలలు గడిచిపోతాయి.

దీన్నంతా వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా పంపి "చదివి ఓకే అని పెట్టండి" అని అడగండి. ఆయన పెట్టిన "ఓకే" మెసేజ్, ఆ తర్వాత వేసిన అడ్వాన్స్, రెండూ కలిస్తే ఒప్పందానికి మంచి ఆధారమే. పెద్ద మొత్తమైతే సంతకం తీసుకోండి. రద్దు షరతుని మాత్రం పీడీఎఫ్‌లో దాచిపెట్టి వదిలేయకండి, ఫోనులో ఒకసారి నోటితో చెప్పండి. తర్వాత "ఇది ఎప్పుడు చెప్పేవు?" అన్న మాట రాకుండా ఉంటుంది.

20 శాతమే ఎందుకు

ఇది ఎక్కడా చట్టంలో రాసి ఉన్న అంకె కాదు. మీరే లెక్కేసుకోవాలి. మన ఉదాహరణలో మిగిలిన పని 25,500 రూపాయలది, ఈ అంకె ఎలా వచ్చిందో కింద లెక్కలో చూస్తారు. దానికి మూడు వారాలు పట్టేది. అంటే వారానికి 8,500. హఠాత్తుగా పని ఆగితే ఇంకో పని దొరకడానికి మీకు ఎన్ని రోజులు పడుతుంది? మూడు నాలుగు రోజులని మీ అనుభవం చెబితే, వారం పైకంలో సగానికి కాస్త పైన, అంటే 5,000 దగ్గర వస్తుంది. మిగిలిన పనిలో 20 శాతం అంటే 5,100. అలా కుదిరింది. మీది వారం వారం తేదీలు నిండే పని కాకపోతే, అంటే పెళ్లి వీడియోల్లాంటి ముహూర్తం పని అయితే, ఆ తేదీ పోతే మళ్లీ రాదు కాబట్టి శాతం ఎక్కువుండాలి. ఎప్పుడైనా చేసుకోదగిన చిన్న పనికైతే పది శాతం కూడా చాలు.

మిగిలిన మొత్తం అంతా ఇవ్వాలని రాస్తే లాభం కదా అనిపించవచ్చు. లాభం లేదు. భారత ఒప్పందాల చట్టం 1872లో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని ముందే రాసుకున్నా, కోర్టు ఆ అంకెని గరిష్ఠ పరిమితిగా మాత్రమే చూస్తుంది. దానికి లోబడి సబబైన పరిహారం ఇప్పిస్తుంది. 73వ సెక్షన్‌లో ఇంకొక మాట ఉంది: నష్టం లెక్కేసేటప్పుడు, దాన్ని తగ్గించుకోవడానికి మీకు ఏ దారులున్నాయో కూడా చూడాలి. ఆగిపోయిన మూడు వారాల్లో మీరు వేరే పని చేసుకుని డబ్బు సంపాదించి ఉంటే, ఆ మూడు వారాలకి పూర్తి సొమ్ము అడగడం నిలబడదు. అందుకే చార్జీ మీ నిజమైన నష్టానికి దగ్గరగా ఉండాలి. కోర్టుదాకా వెళ్లే పని కాకపోయినా, షావుకారు కూడా ఇదే కొలతతో చూస్తారు.

ఫోను వచ్చిన రోజు

ఆ ఫోనులోనే డబ్బు సంగతి ఎత్తకండి. "అలాగేనండీ షావుకారు గారూ, ఇక్కడితో ఆపుతాను. ఎంతవరకు అయిందో చూసి రేపు మీకు లెక్క పంపిస్తాను" అనండి. లెక్క అన్న మాట ఆ రోజే చెవిన పడాలి. అదొక్కటి చాలు.

తర్వాత ఒక ప్రశ్న అడగండి: పూర్తిగా ఆపడమా, వాయిదానా, లేక తగ్గించుకోవడమా? ఇందాకటి షావుకారు విషయంలో అసలు అడ్డం సిలిండర్ల ఖర్చు. రంగు పౌచ్ అచ్చు వేయించే బదులు సాదా పౌచ్ కొని, దాని మీద అచ్చేసిన స్టిక్కర్ అంటిస్తే తక్కువ సరుకుకి సరిపోతుంది. స్టిక్కర్ల షీట్లు ఏ డిజిటల్ ప్రెస్‌లోనైనా వేస్తారు. ఆ మాట చెబితే ఆయన ఆగిపోకుండా పని చిన్నది చేసుకునే అవకాశం ఉంది. అలా ఒప్పుకుంటే రద్దు చార్జీ గొడవే రాదు, లేదా వెబ్‌సైటు ముక్కకి మాత్రమే వస్తుంది. కారణం తెలుసుకోకుండా బిల్లు పంపేవాళ్లు ఈ దారిని పోగొట్టుకుంటారు.

పూర్తిగా ఆపడమే అయితే, ఆ రాత్రే ఒక మెసేజ్ పెట్టండి: "ఈ రోజు మీరు ఫోనులో చెప్పినట్టు పని ఆపుతున్నాను." తేదీ నమోదవుతుంది. ఇక ఆ తర్వాత ఒక్క గంట కూడా ఆ పని ముట్టుకోకండి. "ఈ ఒక్క సైజు అయిపోయిందిగా, పూర్తి చేసేద్దాం" అని చేస్తే, అది ఆయన వద్దన్నాక చేసిన పని అవుతుంది, దానికి డబ్బు అడగలేరు. ఉన్న ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒక ఫోల్డర్లో పెట్టి, ఆ రోజు తేదీతో జిప్ చేసి ఉంచండి. ఎంత పని అయిందన్న ప్రశ్న వస్తే ఆ ఫోల్డరే జవాబు.

లెక్క వేయడం

మూడో వారం చివరికి పరిస్థితి ఇది. లోగో అయిపోయింది, ఆయన ఓకే చేశారు. అసలు పౌచ్ డిజైన్, 250 గ్రాములది, ఓకే అయింది. 500 గ్రాముల సైజు సగంలో ఉంది. ఫొటోలు తీసి ఇచ్చేశారు. వెబ్‌సైటు మొదలే కాలేదు, డొమైన్ మాత్రం ఆయన అనుమతితో కొన్నారు. శాంపిల్ పౌచ్ ఒకటి విశాఖలో ప్రింట్ తీయించి చూపించారు.

అయిన పని: 12,000, 11,000, సగం సైజుకి 1,500, ఫొటోలు 10,000. మొత్తం 34,500. ఖర్చులు: శాంపిల్ 1,400, డొమైన్ 900, వెరసి 2,300. మిగిలిన పని 25,500, అందులో 20 శాతం 5,100. అంతా కలిపి 41,900.

ఇప్పుడు వాయిదాల మహిమ చూడండి. అడ్వాన్స్ 18,000 మాత్రమే తీసుకుని ఉంటే, పని వద్దన్న మనిషిని ఇంకా 23,900 అడగాలి. లోగో ఓకే అయిన రోజు రెండో వాయిదా కూడా పడి ఉంటే అడగాల్సింది 5,900. మొదటి అంకెకి పలాసదాకా వెళ్లి కూర్చోవాల్సి వస్తుంది. రెండోదానికి చాలాసార్లు ఫోన్‌పేలో అదే రోజు పడిపోతుంది.

సగం పని విలువ కట్టేటప్పుడు కాస్త వెనక్కే ఉండండి. ఫైల్ తెరిచి చూస్తే ఎవరికైనా సగం అని తెలిసేదాన్నే సగం అనాలి. పరిశోధన చేశాను, ఆలోచించాను అని చూపించలేనివి వేసుకోకండి. ఒక్క వరస అబద్ధంలా కనిపిస్తే మిగతా వరసలన్నీ అనుమానంలో పడతాయి.

మెసేజ్ రాయడం

ముందు ఫోను, తర్వాత మెసేజ్. మన జిల్లాల్లో పెద్దవాళ్లకి డబ్బు సంగతి నేరుగా కాగితం మీద వస్తే చిన్నతనంగా ఉంటుంది. ఫోనులో "లెక్క పంపిస్తున్నానండీ, ఒకసారి చూడండి, ఏదైనా తేడా అనిపిస్తే చెప్పండి" అని, వెంటనే ఇలాంటిది పెట్టండి:

"షావుకారు గారికి నమస్కారం. మీరు చెప్పినట్టు 5వ తేదీనుంచి పని ఆపేశాను. ప్రింటింగ్ ఖర్చు చూస్తే మీ నిర్ణయం నాకు అర్థమైంది.

ఇప్పటిదాకా అయిన పని: 34,500 (లోగో, 250 గ్రాముల పౌచ్, 500 గ్రాములది సగం, ఫొటోలు)
ఖర్చులు: 2,300 (బిల్లులు జతచేశాను)
కొటేషన్లో అనుకున్న ప్రకారం రద్దు చార్జీ, మిగిలిన 25,500లో 20 శాతం: 5,100
మొత్తం: 41,900
మీరు ఇచ్చినవి: 36,000
ఇవ్వాల్సింది: 5,900

ఈ నెల 15లోగా పంపితే, అయిన డిజైన్ల అసలు ఫైళ్లు మీకు అప్పగిస్తాను. ఆరు నెలల్లో మీరు ఈ పని మళ్లీ మొదలుపెడితే ఈ 5,100 కొత్త బిల్లులో తగ్గిస్తాను."

ఇందులో క్షమాపణ లేదు, బెదిరింపూ లేదు. "మన్నించాలి, అడగడానికి ఇబ్బందిగా ఉంది" అని మొదలుపెడితే ఆ డబ్బు మీదే కాదన్నట్టు వినిపిస్తుంది. చట్టం పేరు మొదటి మెసేజ్‌లో ఎత్తితే సంబంధం అక్కడితో తెగుతుంది. చివరి వాక్యం మాత్రం బాగా పనిచేస్తుంది. పలాస వ్యాపారికి జీడిపప్పు వ్యాపారం వచ్చే ఏడాదీ ఉంటుంది, ప్యాకెట్ ఆలోచన పూర్తిగా చచ్చిపోదు. 5,100 పోయిన డబ్బు కాదని, ముందు పనికి జమ అని తెలిస్తే ఇవ్వడం తేలిక. ఆరు నెలలు దాటితే ఆ జమ పోతుందని కూడా ఆయనకి అర్థమవుతుంది.

వచ్చే మాటలు, చెప్పే జవాబులు

"సేయని పనికి డబ్బులేటి బాబూ?" ఎక్కువగా వచ్చేది ఇదే, నిజానికి సబబైన ప్రశ్నే. దీనికి ఇక్కడివాళ్లందరికీ తెలిసిన జవాబు కళ్యాణ మండపం. పెళ్లి తప్పిపోతే మండపం వాళ్లు బయానా వెనక్కివ్వరు, ఎందుకంటే ఆ తేదీకి వచ్చిన ఇంకొకళ్లని వాళ్లు తిప్పి పంపారు. షావుకారూ తన కూతురి పెళ్లికి బయానా ఇచ్చినవారే. "మీ పని కోసం దసరా పనులు రెండు వద్దన్నానండీ, అందులో కొంత మాత్రమే అడుగుతున్నాను" అనండి. నిజంగా వద్దని ఉంటేనే అనాలి. వద్దన్నప్పటి మెసేజ్ ఉంటే ఇంకా మంచిది.

"మనోళ్లమే కదా." దీనికి ఎదురు వాదించకండి. "అందుకేనండీ మిగిలిన పనికి మొత్తం అడగకుండా ఇరవై శాతమే వేశాను" అని ఊరుకోండి. ఆయన ఇంకా తగ్గించమంటే, తగ్గించదలిస్తే రద్దు చార్జీలోనే తగ్గించండి, అయిన పని విలువలో రూపాయి కూడా తగ్గించకండి. రేటు ఒకసారి తగ్గితే తర్వాత పనికీ అదే రేటవుతుంది.

"నాకు డిజైన్ నచ్చలేదు, అందుకే ఆపేను." ఇది కొంచెం గట్టి మాట. లోగో ఆయన ఓకే చేసిన మెసేజ్ చూపిస్తే లోగో వరకు మాట ఉండదు. కానీ పౌచ్ డిజైన్ మీద మూడు సార్లు మార్పులు చెప్పారు, మీరు రెండు వారాలు ఆలస్యం చేశారు అనుకోండి, అప్పుడు ఆపింది ఆయనైనా కారణం మీరు. అలాంటప్పుడు రద్దు చార్జీ వదిలేసి అయిన పనికి మాత్రమే అడగండి. మీ షరతులో రాసిన చివరి వాక్యం ఇలాంటప్పటికే.

"అడ్వాన్స్ వెనక్కి ఇచ్చీ, ఇంకోడి దగ్గర సేయించుకుంటాను." ఇక్కడ అడ్వాన్స్ కంటే ఎక్కువ విలువైన పని అయిపోయిందని వరసలు చూపించడం తప్ప ఇంకో మార్గం లేదు. గొంతు పెంచకుండా అదే లెక్క మళ్లీ చదవండి.

చార్జీ పూర్తిగా వదిలేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో చావు, ఆసుపత్రి, తిత్లీలాంటి తుపాను. 2018లో ఆ తుపానుకి ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు కూలిపోయాయి. అలాంటి ఏడాది జీడిపప్పు వ్యాపారిని రద్దు చార్జీ అడిగేవాళ్లు ఈ జిల్లాలో మళ్లీ పని చేయలేరు. అయిన పని డబ్బు కూడా వాయిదాల మీద తీసుకోండి.

ఫైళ్లు ఎప్పుడు ఇవ్వాలి

డబ్బు అందేదాకా అసలు ఫైళ్లు ఇవ్వకండి, చూపించడానికి పంపిన తక్కువ సైజు బొమ్మలు చాలు. లోగో లాంటి గీసిన పని మీద కాపీరైటు సాధారణంగా ఫ్రీలాన్సరుదే. రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తే తప్ప అది క్లయింట్‌కి బదిలీ కాదని కాపీరైట్ చట్టం 1957 చెబుతుంది. కాబట్టి "పూర్తి చెల్లింపు తర్వాతే హక్కులు మీవి" అన్న వాక్యం కొటేషన్లో ఉంటే, డబ్బు ఇవ్వకుండా ఆ లోగో వాడుకుంటే అడిగే హక్కు మీకుంటుంది.

ఫొటోల విషయంలో మాత్రం చాలామంది పప్పులో కాలేస్తారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని అదే చట్టంలో ఉంది. అంటే పప్పు ఫొటోలు ఇచ్చేశాక వాటిని పట్టుకుని బేరమాడలేరు. ఫొటోలకీ చెల్లింపు షరతు వర్తిస్తుందని ముందే రాసుకోండి, లేదా ఫొటోల డబ్బు ఫొటోలతోపాటే తీసుకోండి.

డొమైన్‌ని మొదట్లోనే ఆయన పేరు, ఆయన ఈమెయిల్‌తో కొనండి. మీ పేరుతో కొని, డబ్బు రాలేదని పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకి మీరే తప్పు చేసినట్టు ఉంటుంది.

ఏమీ రాసుకోకపోతే, లేదా ఇవ్వనంటే

షరతు రాసుకోకుండా పని మొదలుపెట్టి ఉంటే రద్దు చార్జీ అడగొచ్చు, కానీ పట్టుబట్టకండి. అయిన పని డబ్బు మీద మాత్రం గట్టిగా ఉండొచ్చు. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి పని చేసిపెడితే, దాని లాభం పొందినవాళ్లు పరిహారం ఇవ్వాలని ఒప్పందాల చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. లాభం పొందినవాళ్లు అన్న మాట గమనించండి. మీ కంప్యూటర్లోనే ఉండిపోయిన సగం డిజైన్‌కి ఈ సెక్షన్ పెద్దగా సాయపడదు, ఆయన దుకాణం బోర్డు మీద వాడుకుంటున్న లోగోకి పడుతుంది.

గడువు దాటాక వారానికి ఒకసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు. నెలైనా కదలకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆయన రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా మాత్రం వాళ్లు బలవంతంగా తేల్చరు. ఆ తర్వాత సివిల్ కేసే. మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి కంగారు అక్కర్లేదు, కానీ 5,900 కోసం కోర్టుకెళ్తే మీ తిరుగుడు ఖర్చే అంతకి మించుతుంది. 23,900 అయితే ఆలోచించొచ్చు.

జీఎస్టీ సంగతి కూడా ఒకమాట. సేవలు చేసేవాళ్లకి ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి బిల్లులో పన్ను వేయకూడదు కూడా. రిజిస్ట్రేషన్ ఉంటే అయిన పనికి పన్ను తప్పదు. రద్దు చార్జీ వరస మీద ఎలా వేయాలో మీ ఆడిటర్‌ని అడిగి బిల్లు పంపండి, ముందు పంపి తర్వాత దిద్దితే షావుకారుకి రెండు అంకెలు కనబడతాయి.

డబ్బు పడగానే రసీదు పంపండి. అందులో "ఈ పనికి సంబంధించి ఇరువైపులా లెక్క పూర్తయింది, ఇకమీదట ఎవరికీ ఎవరూ బాకీ లేరు" అని రాసి ఆయన చేత ఓకే అనిపించుకోండి. ఫైళ్ల లింకు ఆ ఓకే వచ్చాక, అదే చాట్‌లో పెట్టండి. ఆరు నెలల జమ సంగతి రసీదులో తేదీతో మళ్లీ రాయండి, ఎందుకంటే వచ్చే ఏడాది పని తెచ్చేది ఆయన కాకపోవచ్చు, వాళ్ల అబ్బాయి కావచ్చు.